అరవై లక్షలు వద్దని మర్యాదగా రాయడం ఎలా?

ప్రశ్న: మా పట్టణంలో ఇరవై ఏళ్లకు పైగా పేద ఆడపిల్లల కోసం ఉచిత వసతిగృహం నడుపుతున్నాం. ట్రస్టీలం ఐదుగురం, నేను కార్యదర్శిని. మా ఊళ్లో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన ఒక పెద్దమనిషి కొత్త భవనానికి 60 లక్షలు ఇస్తానన్నారు. ఆయన కోరికలు మూడు. భవనానికి వాళ్ల అమ్మగారి పేరు పెట్టాలి. సీట్లలో సగం వాళ్ల కులం పిల్లలకు కేటాయించాలి. వాళ్ల అబ్బాయిని శాశ్వత ట్రస్టీగా తీసుకుని, ప్రతి చెక్కు మీదా అతని సంతకం ఉండేలా చూడాలి. మేము ఔననక ముందే 5 లక్షలు ట్రస్టు ఖాతాకు పంపేశారు. పేరు పెట్టడానికి మాకు అభ్యంతరం లేదు కానీ మిగతా రెండూ ఒప్పుకోలేం. ఆయన మా అధ్యక్షులకు వరసకు బాబాయి. ఆయన నొచ్చుకోకుండా ఎలా రాయాలో చెప్పగలరా?
— ఒక కార్యదర్శి, పల్నాడు జిల్లా

సమాధానం:

కార్యదర్శి గారికి నమస్కారం.

ఉత్తరం సంగతి తరువాత, ముందు ఆ 5 లక్షల సంగతి చూద్దాం. మీరు ఎంత చక్కగా రాసినా, డబ్బు మీ ఖాతాలో ఉన్నంతకాలం ఆ ఉత్తరానికి విలువ ఉండదు. వద్దంటూనే ఉంచుకున్నారన్న మాట వస్తుంది. ఆయన వైపు నుంచి చూస్తే, డబ్బు పంపి నెల గడిచినా ఎవరూ తిప్పి పంపలేదంటే కోరికలన్నిటికీ ఒప్పుకున్నట్టే. కాబట్టి ఆ మొత్తానికి రసీదు ఇవ్వకండి. లెక్కల్లో దాన్ని విరాళాల పద్దు కింద చూపకుండా, తిరిగి చెల్లించవలసిన మొత్తంగా అప్పుల వైపు చూపమని మీ అకౌంటెంటుకు చెప్పండి. ఏటా ఆదాయపు పన్ను శాఖకు పంపే దాతల జాబితాలోకి, అంటే మీరు ఫారం 10బీడీ అని పిలుచుకునే దానిలోకి, ఈ మొత్తం ఎక్కకూడదు. ఎక్కితే దాని ఆధారంగా ఆయనకు పన్ను మినహాయింపు సర్టిఫికెట్ వెళ్తుంది. తిప్పి ఇచ్చేసిన డబ్బుకు మినహాయింపు ఇచ్చినట్టయి ఇద్దరికీ తలనొప్పి మొదలవుతుంది. పొరపాటున ఎవరైనా ఇప్పటికే రసీదు ఇచ్చి ఉంటే అసలు ప్రతిని వెనక్కి తీసుకుని, రద్దయినట్టు రాసి, రసీదు పుస్తకంలోనే కుట్టి ఉంచండి.

డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే బ్యాంకు ద్వారా వెళ్లాలి. “మా అబ్బాయి ఖాతాకు వేసేయండి” అని ఆయన అన్నా సరే, నగదుగా ఇవ్వమన్నా సరే, కుదరదని చెప్పండి. ఒకరి ఖాతా నుంచి వచ్చిన సొమ్ము ట్రస్టు మీదుగా మరొకరి చేతికి చేరితే, రేపు ఆడిట్‌లో దానికి సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే.

అలాగని ఈ రోజే పంపేయకండి. మీరు మాట్లాడక ముందే, ఉత్తరం అందక ముందే, ఆయన ఫోనుకు 5 లక్షలు జమ అయ్యాయని బ్యాంకు మెసేజి వస్తే అంతకు మించిన అవమానం ఉండదు. తరువాత మీరు ఏం రాసినా ఆయన ఆ మెసేజి దగ్గరే ఆగిపోతారు. ముందు ట్రస్టీల సమావేశం పెట్టి తీర్మానం చేయండి. తరువాత స్వయంగా వెళ్లి మాట మీద చెప్పండి. ఉత్తరం ఆ రోజే ఆయన చేతిలో పెట్టండి. బ్యాంకు బదిలీ మర్నాడు ఉదయం చేయండి. ఈ నాలుగూ ఒక వారంలో పూర్తయిపోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు ఒకటి ఒప్పుకుని రెండు కాదంటున్నారు, ఆ గీత సరైన చోటనే గీశారు. దాత తన డబ్బు దేనికి వాడాలో చెప్పవచ్చు. భవనానికే వాడాలని, ఆడపిల్లల చదువుకే వాడాలని, ఫలానా పేరు పెట్టాలని అడగడం ఆయన హక్కు. ఒకసారి ఒప్పుకుంటే ఆ మాటకు మీరు కట్టుబడాలి కూడా. కానీ ఎవరిని చేర్చుకోవాలి, చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలి అనేవి ట్రస్టీల పనులు. వాటిని మరొకరికి అప్పజెబితే ట్రస్టీలు పేరుకు మాత్రమే మిగులుతారు.

ఈ తేడా పెద్ద పెద్ద సంస్థలను కూడా ఇరుకున పెట్టింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి లీ బాస్ అనే పూర్వ విద్యార్థి 1991లో పాశ్చాత్య నాగరికత బోధన కోసం 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఫలానా విషయం బోధించాలన్న కోరికను విశ్వవిద్యాలయం ఒప్పుకుంది కానీ కార్యక్రమం ఏళ్ల తరబడి మొదలుకాలేదు. చివరికి ఆ కార్యక్రమంలో నియమించే అధ్యాపకులకు తన ఆమోదం ఉండాలని దాత అడిగారు. అది కుదరదని యేల్ 1995లో మొత్తం డబ్బు తిప్పి ఇచ్చేసింది. వాళ్లు గీత గీసిన చోటు సరైనదే. కానీ నాలుగేళ్లు నానబెట్టిన తరువాత గీయడం వల్ల ఎన్నో విమర్శలు మూటగట్టుకున్నారు. మీరు నాలుగు వారాలు కూడా ఆగనక్కరలేదు.

కులం కోరికకు చట్టం వైపు నుంచి కూడా చిక్కు ఉంది. మీ ట్రస్టీలలో ఎవరికైనా “సగం సీట్లే కదా, మిగతా సగం అందరికీ ఇద్దాం” అనిపించవచ్చు కాబట్టి ఇది సమావేశంలో వివరంగా చెప్పండి. 1961 ఆదాయపు పన్ను చట్టం వచ్చాక ఏర్పడిన ధర్మసంస్థ ఒక మతవర్గం కోసమో ఒక కులం కోసమో ఏర్పడినదైతే దానికి పన్ను మినహాయింపు వర్తించదన్నది పాత నియమం. 2022 సవరణతో ఇది మరింత బిగిసింది. ఆ చట్టం వచ్చాక ఏర్పడిన ధర్మసంస్థ ఏదైనా తన ఆదాయంలో ఏ భాగాన్నయినా ఒక కులం ప్రయోజనానికి ఖర్చు పెడితే, సంస్థ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయడానికి అది ఒక కారణం అవుతుంది. ఏ భాగాన్నయినా అన్నారు కాబట్టి సగమే కదా అన్న సర్దుబాటుకు అక్కడ చోటు లేదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలకు ఈ చట్టంలోనే మినహాయింపు ఉంది. మీ వసతిగృహం ఆడపిల్లలకే పరిమితమైనా ఇబ్బంది లేకపోవడం అందువల్లనే. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి, కాబట్టి తీర్మానంలో సెక్షన్ రాయదలచుకుంటే మీ ఆడిటరును అడిగి రాయండి. రిజిస్ట్రేషన్ పోతే ఈ ఒక్క దాతకే కాదు, నెలకు 500 రూపాయలు పంపే బడిపంతులుకు కూడా పన్ను మినహాయింపు పోతుంది.

ఇంత చెప్పాను కదా అని ఇదంతా ఉత్తరంలో పెట్టకండి. నా అనుభవంలో చాలా ట్రస్టులు తప్పటడుగు వేసేది ఇక్కడే. తిరస్కరిస్తున్నామన్న సిగ్గుతో కారణాల మీద కారణాలు పేరుస్తారు. ప్రతి కారణం అవతలి మనిషి చేతికి ఇచ్చే బేరం ముక్కే. చట్టం ఒప్పుకోదు అని రాస్తే, ఆయన తన ఆడిటరుతో మాట్లాడి “పావు వంతయితే ఫర్వాలేదట” అంటారు. ఇప్పుడు భవనం అవసరం లేదు అని రాస్తే, వచ్చే ఏడాది ఇస్తానంటారు, పైగా అది అబద్ధం కూడా. ఇతర దాతలు ఒప్పుకోవడం లేదు అని రాస్తే, ఎవరు ఒప్పుకోలేదో చెప్పమంటారు. మీకు కావలసింది ఒకే ఒక్క కారణం. అది ఎవరి ఇష్టాయిష్టాలతోనూ సంబంధం లేనిదై ఉండాలి. అది మీ ట్రస్టు డీడ్‌లో ఉంటుంది. చాలా డీడ్‌లలో కుల మత భేదం లేకుండా అన్న మాట ఉండనే ఉంటుంది. ట్రస్టీల నియామకం ఎవరు చేయాలి, ఎంత కాలానికి చేయాలి, బ్యాంకు ఖాతా ఎవరి సంతకాలతో నడవాలి అనేవీ ఉంటాయి. డీడ్ తెరిచి ఆ వాక్యాలను వెతికి పట్టుకోండి. కింద నేను రాసిన నమూనా మీ డీడ్‌లో అలాంటి వాక్యాలు ఉన్నాయన్న భరోసాతో రాసింది. మాటలు వేరుగా ఉంటే అక్కడ ఉన్న మాటలే వాడండి. ఒకవేళ చేరికల గురించి డీడ్ ఏమీ చెప్పకపోతే, ఇన్నేళ్లుగా పాటిస్తున్న ప్రవేశ నియమాలను ఈ సమావేశంలోనే తీర్మానంగా రాసుకుని, ఉత్తరంలో ఆ తీర్మానాన్ని చూపండి.

వెళ్లి మాట్లాడేటప్పుడు అధ్యక్షులను ఒంటరిగా పంపవద్దు. మీరు కూడా వెళ్లండి. బంధువుల ఇంట్లో కాఫీ తాగుతూ కాదనడం ఎవరికైనా కష్టం. “చూద్దాం బాబాయిగారూ, మళ్లీ ఒకసారి కూర్చుందాం” అనే మాట ఆయన నోటి నుంచి జారిందంటే మీ తీర్మానం గాలికి పోయినట్టే. కృతజ్ఞతలు అధ్యక్షులు చెప్పాలి, నిర్ణయం మీరు చెప్పాలి. శాలువా, జ్ఞాపిక లాంటివి తీసుకెళ్లకండి. డబ్బు వద్దని చెప్పడానికి వచ్చి శాలువా కప్పితే వెక్కిరింతగా ఉంటుంది. అరగంటకు మించి కూర్చోవద్దు. ఎన్నిసార్లు అడిగినా “సమావేశంలో అందరం కలిసి తీసుకున్న నిర్ణయం” అన్న మాటే చెప్పండి. ఎవరు గట్టిగా పట్టుబట్టారని ఆయన అడుగుతారు, ఆ పేరు మాత్రం చెప్పకండి.

ఉత్తరం ట్రస్టు లెటర్‌హెడ్ మీద ఉండాలి, వాట్సాప్‌లో కాదు. నేనైతే ఇలా రాస్తాను:

శ్రీ _______ గారికి,

నమస్కారం.

మన ఊరి ఆడపిల్లల వసతిగృహానికి కొత్త భవనం కట్టించాలని మీరు ముందుకు వచ్చినందుకు ట్రస్టీలందరి తరఫున కృతజ్ఞతలు. మీ అమ్మగారి పేరు మన ఊళ్లో నిలిచిపోవాలన్న మీ కోరికను మేము మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాం.

మీరు తెలియజేసిన ఏర్పాట్లను _______ తేదీన జరిగిన ట్రస్టు సమావేశంలో చర్చించాం. కుల మత భేదం లేకుండా, పేదరికాన్ని బట్టి మాత్రమే పిల్లలను చేర్చుకోవాలని మా ట్రస్టు డీడ్ చెబుతోంది. ట్రస్టీలను నిర్ణీత కాలానికి సమావేశమే ఎన్నుకోవాలని, ఖాతాలు ఆ ట్రస్టీల సంతకాలతోనే నడవాలని కూడా అందులో ఉంది. కాబట్టి సీట్ల కేటాయింపు, శాశ్వత ట్రస్టీ పదవి, చెక్కులపై సంతకం అనే ఏర్పాట్లతో కూడిన 60 లక్షల రూపాయల విరాళాన్ని స్వీకరించలేమని ట్రస్టీలం ఏకగ్రీవంగా నిర్ణయించాం.

_______ తేదీన మీ ఖాతా నుంచి ట్రస్టు ఖాతాకు జమ అయిన 5,00,000 రూపాయలను _______ తేదీన అదే ఖాతాకు తిరిగి పంపుతున్నాం. అందులో నుంచి ఏమీ ఖర్చు చేయలేదు. ఆ మొత్తానికి విరాళం రసీదు ఇవ్వలేదు.

పిల్లల చేరిక, వసతిగృహం నిర్వహణ డీడ్ ప్రకారం ట్రస్టు చేతిలోనే ఉండే పక్షంలో, మీ అమ్మగారి పేరుతో భవనం కట్టడం మాకు సమ్మతమే. ఈ విషయంలో మీ నిర్ణయం ఏదైనా, మీ మీద మాకున్న గౌరవం అలాగే ఉంటుంది.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి

ఇందులో షరతు అన్న మాట ఎక్కడా లేదని గమనించే ఉంటారు. మీరు మీలో మీరు అలాగే అనుకుంటూ ఉండవచ్చు, కానీ తాను షరతు పెట్టానని ఆయన అనుకోవడం లేదు. డబ్బు ఇస్తున్న మనిషిగా తన వాళ్లకూ కాస్త మేలు జరగాలని కోరానని అనుకుంటున్నారు. ఆ మాట కనబడగానే ఉత్తరం కాస్తా నేరారోపణ అయిపోతుంది. కులం పేరు కూడా రాయలేదు. ఈ కాగితం ఆయన ఇంట్లోనే ఉండిపోదు, పది మంది ఫోన్లలోకి వెళ్తుంది. అప్పుడు “ఫలానా కులం పిల్లలను వద్దన్నారు” అని చదివేవాళ్లు ఉంటారు. మీరు వద్దన్నది పిల్లలను కాదు కదా.

క్షమించమని గాని, చింతిస్తున్నామని గాని ఎక్కడా రాయకపోవడం కావాలనే చేశాను. మొదటి వాక్యంలో కృతజ్ఞత ఉంది, అది చాలు. మీరు తప్పేమీ చేయలేదు. నాలుగుసార్లు మన్నించమంటే ఇంకొంచెం నొక్కితే లొంగుతారని తోస్తుంది. అంతకంటే ప్రమాదకరమైన మాట ప్రస్తుతానికి అన్నది. మన వాళ్లకు ఇది ఊతపదం, కలం పట్టగానే వచ్చేస్తుంది. ప్రస్తుతానికి స్వీకరించలేం అంటే ఆరు నెలల తరువాత మళ్లీ అడగమని పిలిచినట్టే. అలాగే, ఏకగ్రీవంగా అన్నది నిజమైతేనే ఉంచండి. ఒక్క ట్రస్టీ ఒప్పుకోకపోయినా ఆ మాట తీసేయండి, నిర్ణయించాం అంటే సరిపోతుంది. కాదన్న ఆ ఒక్కరే రేపు దాతకు ఫోను చేసి అసలు సంగతి చెప్పవచ్చు.

చివరి పేరా గురించి సమావేశంలో వేరుగా మాట్లాడుకోండి. ఆ రెండు కోరికలూ ఆయన వదులుకుంటే అమ్మగారి పేరుతో భవనం కట్టడానికి మీరు నిజంగా సిద్ధమేనా? సిద్ధమైతేనే ఆ పేరాలోని మొదటి వాక్యం ఉంచండి. ఊరడింపు కోసం రాస్తే మాత్రం తీసేయడమే మేలు, ఎందుకంటే ఆయన మర్నాడే సరేనంటే మీ దగ్గర జవాబు ఉండదు. సిద్ధమైనా, ఎంత ఇస్తే బాగుంటుందో రాయకండి. అంకె రాస్తే అది బేరం.

ఉత్తరం అందాక రెండు మూడు రకాల జవాబులు రావచ్చు. సగం కాకపోతే పావు వంతు ఇవ్వండి అన్నది ఒకటి. దానికి మళ్లీ పెద్ద ఉత్తరం అక్కరలేదు. కేటాయింపు ఎంతయినా డీడ్‌కు విరుద్ధమేనని ఒక్క వాక్యం చాలు. ఆయన నాలుగు రోజులు మౌనంగా ఉండి ఊళ్లో ఎవరి దగ్గరో వాపోవడం రెండోది. అప్పుడు మిమ్మల్ని అడిగే వాళ్లందరికీ ఐదుగురు ట్రస్టీలూ ఒకే మాట చెప్పాలి: “వారు ఎంతో పెద్ద మనసుతో ముందుకు వచ్చారు, మా డీడ్ ప్రకారం కొన్ని ఏర్పాట్లు కుదరలేదు.” ఏ ఏర్పాట్లు అని అడిగితే వారినే అడగమనండి. ట్రస్టు వాట్సాప్ గ్రూపులో దీని గురించి ఒక్క అక్షరం కూడా పడనివ్వకండి. 60 లక్షలు వదులుకున్నామని గొప్పగా చెప్పుకోవాలని మీలో ఒకరికైనా అనిపించి తీరుతుంది.

మూడోది కాస్త సంతోషకరమైన జవాబు, “నాకేమీ అక్కరలేదు, అమ్మ పేరు ఒక్కటి పెట్టండి చాలు” అనడం. ఎక్కువ జాగ్రత్త కావలసింది దీనికే. ఫోనులో అన్న మాట మీద పునాది తవ్వకండి. ఆయన సంతకంతో కొత్త విరాళ పత్రం తీసుకోండి. ఈ డబ్బు ఫలానా భవనానికి, ఫలానా పేరుతో, చేరికల మీద గాని నిర్వహణ మీద గాని తనకూ తన కుటుంబానికీ ఏ హక్కూ ఉండదు అని అందులో స్పష్టంగా ఉండాలి. డబ్బు విడతలుగా ఇస్తానంటే ఇంకా జాగ్రత్త పడాలి. పునాదికి, గోడలకు ఇచ్చి, శ్లాబు వేసే ముందు ఆపేసి, “మా అబ్బాయిని కమిటీలో వేస్తారా?” అని అడిగితే అప్పుడు మీరు కాదనలేరు. ముందు ద్వారం దగ్గర ఆపిన కోరిక పెరటి గుమ్మం నుంచి లోపలికి వచ్చేస్తుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందే మొత్తం డబ్బు ట్రస్టు ఖాతాకు రావాలి. లేదా పనిని ఏ అంతస్తుకు ఆ అంతస్తు పూర్తయి వాడుకోవడానికి వీలుగా ఉండేలా విడగొట్టి, ఆ అంతస్తుకు సరిపడా డబ్బు చేతికి వచ్చాకనే దాన్ని మొదలుపెట్టాలి. 60 లక్షలకు కింది అంతస్తు మాత్రమే పూర్తవుతుందని ఇంజనీరు చెబితే పత్రంలో కింది అంతస్తు అనే రాయండి.

భవనం లేచాక జూన్‌లో ఆయన దగ్గర నుంచి ఫోను వస్తుంది, “మా వాళ్ల అమ్మాయి ఒకతి ఉంది, కాస్త చూడండి” అని. అందులో తప్పేమీ లేదు, ఊళ్లో సగం మంది అలాగే అడుగుతారు. దరఖాస్తు ఫారం పంపి, మిగతా వాళ్లకు పెట్టిన గడువే ఆ అమ్మాయికీ పెట్టండి.